తుఫాను నష్టానికి బడి క్లెయిమ్ లేఖ: గుండుగుత్త అంచనా మేలా, ఐటెమ్ వారీ అంచనా మేలా?

తుఫాను వెళ్లిన మర్నాడు బడి ఆవరణలో సాధారణంగా నడిచే సంభాషణ ఇది.

"మేస్త్రీ గారూ, ఇన్సూరెన్సు వాళ్లకి పంపాలి. అంచనా రాసిస్తారా?"

"రాసిచ్చేస్తా మేడమ్. మొత్తం కలిపి ఒక్క లెక్క వేసి, సంతకం, స్టాంపు పెట్టి ఇస్తా. సాయంత్రానికి మీ చేతిలో ఉంటుంది."

హెడ్ మాస్టారికైనా హెడ్ మిస్ట్రెస్‌కైనా ఆ పూట కావాల్సింది ఇదే. పైకప్పు లేచిపోయింది, గదుల్లో నీళ్లు నిలిచాయి, పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదు. అందుకే చాలా బడుల ఫైళ్లలో అంచనా అంటే ఒకే ఒక్క వాక్యం కనిపిస్తుంది: "తూర్పు బ్లాకు రిపేర్లు, అన్ని పనులు కలిపి, మొత్తం ఇంత." దాన్ని క్లెయిమ్ లేఖకు జతచేస్తారు. ఆ వెనక నలభై ఫోటోలు. అంతే.

ఇది తప్పు కాదు. కాకపోతే ఇది మొదటి ఉత్తరానికి సరిపోయే కాగితమే తప్ప క్లెయిమ్ లేఖకు చాలదు. ఈ రెండూ వేరన్నది చాలామంది పట్టించుకోరు. మొదటి ఉత్తరం కబురు మాత్రమే: ఫలానా తేదీ రాత్రి గాలివానకు ఫలానా బ్లాకు దెబ్బతింది, పాలసీ నంబరు ఇది, నష్టం చూడటానికి సర్వేయర్‌ని పంపండి. దీన్ని ఆలస్యం చేయకూడదు. ఇందులో నష్టం సుమారుగా ఎంతో చెప్పడానికి గుండుగుత్త లెక్క చక్కగా పనికొస్తుంది, పక్కన "ఉజ్జాయింపు మాత్రమే" అని రాస్తే చాలు. క్లెయిమ్ లేఖ డబ్బు అడిగే కాగితం. అడిగిన ప్రతి పైసాకీ కారణం ఏమిటని అవతలివాళ్లు అడుగుతారు. అక్కడే గుండుగుత్త నోరు మూసుకుంటుంది.

ఒక బ్లాకును తీసుకుని చూద్దాం. వరసగా మూడు గదులు, పొడవు 24 మీటర్లు, రెండు వాలుల రేకుల కప్పు. వాలుకు 24 చొప్పున మొత్తం 48 రేకులు. గాలి ఉత్తరం నుంచి కొట్టింది. ఆ వాలు మీద 11 రేకులు ఎగిరిపోయాయి, 5 వంగిపోయాయి. రెండు గదుల్లో సీలింగు తడిసి ఊడింది. కొంత వైరింగు, ఫ్యాన్లు పోయాయి. గోడల రంగు చెడింది. దక్షిణపు వాలుకు ఏమీ కాలేదు.

కాంట్రాక్టరు అన్నీ కలిపి ఒక మొత్తం రాశాడు. లెక్క తేలిగ్గా ఉండటానికి దాన్ని 100 వంతులు అనుకుందాం. విడగొట్టి చెప్పమంటే లోపల ఉన్నది ఇదీ: 16 రేకులు, కొక్కేలు, మొగరం రేకు కలిపి 34. సీలింగు 22. వైరింగు, ఫ్యాన్లు 9. రంగులు 10. మిగిలిన 25 దక్షిణపు వాలుకు కొత్త మందపాటి రేకులు వేయడానికి. "ఎలాగూ ఎక్కుతున్నాం కదా సార్, అటువైపు కూడా మార్చేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని ఆయన మంచి మనసుతోనే కలిపాడు. మాట నిజమే కానీ, అది తుఫాను చేసిన నష్టం కాదు, బడి చేసుకోవాలనుకున్న బాగుచేత. బీమా ఇచ్చేది పోయినదానికి, పాతదానికంటే మెరుగైనదానికి కాదు.

ఇప్పుడు సర్వేయర్ వైపు నుంచి చూడండి. గుండుగుత్త కాగితం మీద 100 అని ఉంది, విడి లెక్క లేదు. దక్షిణపు వాలు చెక్కుచెదరకుండా ఉందని ఆయన కళ్లతోనే చూశాడు, అయినా దానికెంత కలిపారో తెలియదు. అందుకని కాగితం పక్కన పెట్టి తన లెక్క తానే వేసుకుంటాడు. కళ్లకు కనిపించిన రేకులు, సీలింగు రాసుకుంటే 56. వైరింగు గోడలో ఉంది, కనపడదు. రంగు ముందే వెలిసిందేమో అనుకుంటాడు. ఆ రెండూ జారిపోతాయి. అదే ఐటెమ్ వారీగా 75 మాత్రమే అడిగి, దక్షిణపు వాలు ఖర్చును "క్లెయిమ్‌లో లేదు, బడి సొంత ఖర్చు" అని విడిగా చూపిస్తే, వాదన ఒక్కో వరస మీద జరుగుతుంది. వైరింగు మీద అనుమానం వస్తే ఆ 9 మీదే వస్తుంది, మొత్తం కాగితం మీద కాదు. తక్కువ అడిగినవాళ్లే ఎక్కువ తెచ్చుకోవడం వినడానికి వింతగా ఉన్నా ఇక్కడ జరిగేది అదే. (ఆ పైన పాలసీ ప్రకారం బడి భరించాల్సిన మొదటి భాగం, పాత సామానుకు తరుగుదల లాంటి కోతలు ఉండొచ్చు. అవి పాలసీ షరతులు, అంచనా ఏ తీరులో రాసినా మారవు.)

అయితే ఐటెమ్ వారీ అంచనాకూ ఒక బలహీనత ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. గుండుగుత్తలో కాంట్రాక్టరు తెలియని పనికి కొంత లోలోపలే కలుపుకుంటాడు. సీలింగు విప్పాక దూలం పుచ్చిందని తేలితే ఆ కలుపుడులోంచే సర్దుకుంటాడు. ఐటెమ్ వారీలో రాసిందే ఉంటుంది, రాయనిది లేదు. అందుకే లేఖలో ఈ వాక్యం తప్పనిసరి: "సీలింగు, ప్లాస్టరింగు తొలగించిన తరువాత బయటపడే తుఫాను నష్టాన్ని, ఫోటోలతో సహా, పని కొనసాగించకముందే మీకు తెలియజేసి అనుబంధ అంచనా సమర్పిస్తాము." ఇందులో "కొనసాగించకముందే" అన్న మాటకు విలువ ఎక్కువ. పని అయిపోయాక చెబితే చూడటానికి అక్కడ ఏమీ మిగలదు.

మరి అంచనా ఒక్కటి చాలా, రెండు తేవాలా? బీమా వాళ్లు అడిగినా అడగకపోయినా ఇంత పనికి రెండు తేవడమే మంచిది. కానీ ఎలా తెచ్చారన్నది ఇంకా ముఖ్యం. ఇద్దరినీ పిలిచి "మీరే కొలుచుకుని రాయండి" అంటే ఏమవుతుందో చూడండి. మొదటాయన 75 రాశాడు, రెండో ఆయన 79. దగ్గరదగ్గరగానే ఉన్నాయి, పర్వాలేదు అనిపిస్తుంది. లోపల చూస్తే మొదటాయన కప్పు పనికి 16 రేకులు లెక్కవేసి 34 రాశాడు. రెండో ఆయన పాత గాడి రేకు ఇప్పుడు దొరకదు, కొత్తవి పాతవాటితో కలవవు అంటూ ఉత్తరపు వాలు మొత్తానికి 24 రేకులు వేసి 38 రాశాడు. రేటు మాత్రం రెండో ఆయనదే తక్కువ. అదే రేటుకు 16 రేకులే వేస్తే ఆయన మొత్తం సుమారు 66కి దిగిపోతుంది. ఈ లెక్క వేయడం సర్వేయర్‌కి రెండు నిమిషాల పని. అప్పుడు బడి ఏం చెబుతుంది?

అందుకే నా ఓటు మూడో పద్ధతికి. కొలతల పట్టిక బడే తయారుచేసి, రేటు గడులు ఖాళీగా ఉంచి ఇద్దరికీ ఒకే కాగితం ఇవ్వాలి. టేపు పట్టుకోవడానికి ఇంజనీరే అక్కర్లేదు, లెక్కల మాస్టారు, పెద్ద తరగతి పిల్లలు ఇద్దరు ఉంటే చాలు, తడి నేల మీద, వేలాడే రేకు కింద వాళ్లని నిలబెట్టనంత వరకు. కొలతతో ఒప్పుకోని కాంట్రాక్టరు ఆ మాటను కారణంతో సహా కింద రాయాలి. అప్పుడు 24 రేకుల సంగతి మొత్తంలో దాక్కోకుండా ఒక ప్రశ్నగా బయటికొస్తుంది: పాత గాడి రేకు నిజంగా దొరకదా? దొరకదని అమ్మేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తెచ్చుకుంటే 24కి వాదించవచ్చు. లేకపోతే 16 దగ్గర ఆగాలి.

ఇక ఫోటోలు. ఇక్కడ పోలిక సులువు. ఒకే ఫోల్డర్‌లో నలభై ఫోటోలు పడేయడం కంటే పన్నెండు ఫోటోలకు ఐటెమ్ నంబర్లు వేసి ఇవ్వడం ఎంతో మేలు. ఒక్కో ఐటెమ్‌కు మూడు దూరాలు కావాలి. బ్లాకు మొత్తం కనిపించేది ఒకటి, గది లేదా వాలు కనిపించేది ఒకటి, దెబ్బ దగ్గరగా కనిపించేది ఒకటి. దగ్గరి ఫోటో ఒక్కటే ఉంటే అది ఏ బడిదైనా కావచ్చు, దూరపు ఫోటో ఒక్కటే ఉంటే ఏం పోయిందో తెలియదు. టార్పాలిన్ కప్పకముందే తీయాలి. కప్పడం మాత్రం ఆపకూడదు, ఎందుకంటే నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారుడి బాధ్యతే. టార్పాలిన్ బిల్లు పట్టికలో విడి వరసగా చేరుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడే ఫోటో కొక్కెం బెజ్జానిది. వంగిన రేకును కిందికి దింపి, కొక్కెం ఉన్న చోట స్కేలు ఆనించి తీయండి. గాలి లాగితే బెజ్జం ఒకవైపుకు సాగి చిరుగుతుంది, చిరిగిన అంచు కొత్త లోహంలా మెరుస్తుంది. ఏళ్ల తరబడి తుప్పు తిన్న బెజ్జమైతే అంచు గోధుమరంగులో పొడిపొడిగా రాలుతుంది. ఈ మెరుపు ఉండేది కొద్ది రోజులే, తేమకు అదీ తుప్పు పడుతుంది. సీలింగు మరకలదీ ఇదే కథ. ఒకసారి తడిస్తే మరక ఒకటే తడిగా పరుచుకుంటుంది, ఏళ్లుగా కారుతుంటే గోధుమరంగు వలయాలు ఒకదానిలో ఒకటి కనిపిస్తాయి. సర్వేయర్ వెతికేవి వీటినే.

మన 16 రేకుల్లో 3 బెజ్జాలు పాత తుప్పువే అయితే ఏం చేయాలి? చాలామంది ఆ మూడింటి ఫోటోలు పెట్టరు. నేనైతే పెడతాను. "16 రేకులలో 13 కొక్కేల దగ్గర చిరిగినవి. మిగిలిన 3 రేకులకు కొక్కెం దగ్గర పాత తుప్పు ఉంది, అవి కూడా ఆ రాత్రి గాలికే ఊడిపడ్డాయి" అని లేఖలో రాస్తాను. దాచిన మూడింటిని సర్వేయర్ ఎలాగూ పెరట్లోని కుప్పలో చూస్తాడు. అందుకే ఊడిన రేకుల్ని పాత ఇనుముకు అమ్మేయకుండా, ఆయన వచ్చి చూసి వెళ్లేదాకా పెరట్లో ఒక మూల ఉంచాలి.

ఫోటోలు పంపే విషయంలో ఒక చిన్న మాట. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గి, ఎప్పుడు తీశారన్న వివరం ఫైల్లోంచి పోతుంది. ఫోన్‌లోని అసలు ఫైళ్లనే ఈమెయిల్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వాలి. తుఫానుకు ముందు తీసిన ఫోటో ఒక్కటి ఉన్నా బంగారమే. వార్షికోత్సవం గ్రూపు ఫోటోలో పిల్లల వెనక ఆ బ్లాకు కప్పు కనిపిస్తుందేమో వెతకండి.

గుండుగుత్తే చాలిన సందర్భాలూ లేకపోలేదు. పోయింది నాలుగు కిటికీ అద్దాలో, ఒక గేటో అయితే, చేసేది ఒకే రకం పని అయితే, దానికి పట్టిక అంటూ కూర్చోవడం వృథా శ్రమ. "అద్దాలు 4, బిగింపుతో సహా ఇంత" అంటే సరిపోతుంది. పైకప్పు, సీలింగు, కరెంటు, రంగు ఇలా రెండు మూడు రకాల పనులు కలిసిన చోట మాత్రం మేస్త్రీ గారిని ఇంకో రెండు రోజులు ఆగమని, ఆ ఖాళీ గడుల పట్టిక ఆయన చేతిలో పెట్టండి.