ఇక్కత్ కుర్తాల మీదికి మల్ కాటన్ స్కార్ఫ్: చాన్నాళ్లు వాడినంక చెప్తున్న

నేను నల్గొండల టీచర్‌గ చేస్త, పొద్దున ఇంట్ల నుంచి వెళ్లింది మొదలు సాయంత్రం దాక తల మీద స్కార్ఫ్ ఉంటది, కుర్తాలేమో ఎక్కువ కొయ్యలగూడెం కాటన్ ఇక్కత్‌వే. షిఫాన్, జార్జెట్, సాటిన్ అన్నీ కట్టిన గని రోజువారీకి మాత్రం మల్ కాటన్‌ను మించింది నాకు దొరకలే. పల్చగ ఉంటది, చెమట పీలుస్తది, అన్నిటికంటె ముఖ్యంగ బట్టకు కొంచెం గరుకు ఉంటది కాబట్టి జారదు. పాలిస్టర్ షిఫాన్ అయితే మధ్యాహ్నానికల్ల ఎనుకకు జారుడే, దాన్ని ఆపాలంటే నాలుగు పిన్నులు, ఆ పిన్నులతోని బట్టకు చిల్లులు. మల్‌కు మాత్రం గంజి పెట్టకండి, బిర్రుగ అయ్యి నెత్తి మీద గుడారం లెక్క లేస్తది.

ఇగ రంగు సంగతి. నాకొక మెరూన్ కుర్తా ఉంది, దాని మీద నలుపు, తెలుపు డిజైన్, నడుమ నడుమ సన్నగ ఆవాల పసుపు గీత. అందరు మెరూన్ స్కార్ఫే తీస్కొమ్మంటరు, కని షాపు లైటు కింద ఒక్కటే అనిపించిన రెండు మెరూన్లు ఎండలకు రాంగనే ఒకటి ఎరుపుకు, ఒకటి వంగపండుకు తిరుగుతయి, మెడ కాడ పక్కపక్కన ఉంటే ఇంకా కొట్టొచ్చినట్టు కనవడ్తది. తెలుపు బాగనే ఉంటది గని నుదురు కాడ నూనె మరక తొందరగ పడ్తది. నేను ఆ సన్న గీత రంగు పట్టుకున్న, సాదా ఆవాల పసుపు. ఇక్కత్‌ల రంగుల అంచులు ఎట్లాగు చెదిరినట్టే ఉంటయి కద, అందుకే పైన ఏ డిజైను లేని ఒక్క రంగు ఉంటేనే కంటికి నిమ్మలం, బట్టల తక్కువున్న రంగు మొహం కాడికి వస్తే మొత్తం సెట్టు కావాలని కుట్టించినట్టు ఉంటది. కుర్తా తీస్కపోయి షాపు బయట ఎలుగుల పెట్టి చూసి కొనండి.

కట్టుడు చాన సింపుల్. రెండు మీటర్ల పొడుగు, ముప్పావు మీటరు ఎడల్పు సరిపోతది. లోపల కాటన్ అండర్ క్యాప్ ఉండాలె, సాటిన్‌దైతే మల్ కూడ జారుతది. ఒక కొస పొట్టిగ, ఒకటి పొడుగ్గ ఇడిచి గదువ కింద ఒక పిన్ను, పొడుగు కొసను గదువ కింది నుంచి తెచ్చి తల మీదుగ తిప్పి చెవి పైన ఇంకో పిన్ను. గదువ కింద పిన్ను పెట్టేటప్పుడు నోరు తెరిచి, తల పైకెత్తి చూస్కోండి, చెవుల కాడ గుంజితే బిగుసుగ అయినట్టే, సాయంత్రానికి తలనొప్పి ఖాయం. కాలర్ కుర్తాకు మెడ సుట్టు మడతలు ఎక్కువైతే ఉబ్బుతది, అందుకే పొడుగు కొసను భుజం మీది నుంచి ఎనుకకు ఏస్త. గుండ్రం మెడకు మాత్రం ఎదల మీద ఇప్పి పరుస్త.

ముదురు రంగు కొత్తది కొంటే తడి తెల్లబట్టతోని ఒక మూలకు రుద్ది చూడండి, రంగు అంటితే అంటుడు ఆగెదాక విడిగ ఉతికి నీడల ఆరేసినంకనే లేత కుర్తా మీదికి తీయండి, చెమటకు మెడ కాడ అంటిన రంగు మళ్ల పోవుడు కష్టం.