కోసుకున్నాడా, తనే కోశాడా?

నల్గొండ దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లిష్ చెప్తుంటాను. మొన్న ఒక అబ్బాయి, బత్తాయి తోటలో కొమ్మలు వాళ్ల నాన్నే కోశాడని చెప్పబోయి ‘మై ఫాదర్ కట్ హిమ్‌సెల్ఫ్’ అని రాశాడు. “నాన్నకు దెబ్బ తాకిందా బిడ్డా?” అని అడిగితే బిత్తరపోయాడు.

ఆ వాక్యంలో ‘హిమ్‌సెల్ఫ్’ కర్మ. కోసిందీ ఆయనే, తెగిందీ ఆయనకే. తెలుగులో ఈ పనిని ‘కొను’ చేస్తుంది: కోసుకున్నాడు. వాడు రాయాల్సింది ‘మై ఫాదర్ హిమ్‌సెల్ఫ్ కట్ ద బ్రాంచెస్’. ఇక్కడ కర్మ కొమ్మలు, ‘హిమ్‌సెల్ఫ్’ నాన్నను ఒత్తి చెప్పడానికే. మనకైతే చివర ‘ఏ’ చాలు: నాన్నే కోశాడు.

అనుమానమొస్తే ఆ మాట తీసేసి చూడాలి. రెండో వాక్యం చెక్కుచెదరదు, దాన్ని వాక్యం చివరికి జరిపినా నిలుస్తుంది. మొదటిదాంట్లో తీస్తే ఏం కోశాడో తెలియదు. ‘హీ షేవ్డ్ హిమ్‌సెల్ఫ్’ దగ్గర మాత్రం ఈ పరీక్షను నమ్మకండి. షేవ్‌కు కర్మ లేకపోయినా ‘గడ్డం గీసుకున్నాడు’ అనే అర్థం వస్తుంది కాబట్టి, తీసేసినా వాక్యం నిలుస్తుంది. అయినా అక్కడ అది కర్మే.

‘ఈచ్ అదర్’ దగ్గర చిక్కు వేరు. మన ‘తిట్టుకున్నారు’లో రెండర్థాలు ఇముడుతాయి. ఇంగ్లిష్‌లో ఎవరిని వారు నిందించుకుంటే ‘దెమ్‌సెల్వ్స్’, ఒకరినొకరు నిందించుకుంటే ‘ఈచ్ అదర్’. దీనికి ఒత్తి చెప్పే వాడుక అసలే లేదు.