బోరు మోటారు సెట్టు కొంటున్నారా? రిలే డయల్ తిప్పనిచ్చే ముందు కేబుల్ సైజు చూసుకోండి

మోటారు, స్టార్టర్, కేబుల్ మూడూ ఒకే షాపులో సెట్టుగా కొనే ఆలోచనలో ఉన్న రైతులు ఇది పూర్తిగా చదవండి. ఫిబ్రవరిలో నేను అలాగే కొన్నాను. నెల తిరక్కముందే మోటారు కాలిపోయింది. మోటారులో తప్పు లేదు, స్టార్టర్‌లోనూ లేదు. తప్పంతా కేబుల్‌లో ఉంది. ఆ సంగతి స్టార్టర్ రోజూ చెబుతూనే ఉన్నా మేమే దాని నోరు నొక్కేశాం.

మాది అనంతపురం వైపు చీనీ తోట. బోరు 620 అడుగులు, మోటారు దింపింది 560 అడుగులకు. కరెంటు స్తంభం, స్టార్టర్ పెట్టిన షెడ్డు బోరుకు 400 అడుగుల దూరంలో ఉన్నాయి. కొన్నది 7.5 హెచ్‌పీ త్రీఫేజు సబ్‌మెర్సిబుల్. నేమ్‌ప్లేటు మీద 415 వోల్టులు, 16 ఆంపియర్లు అని ఉంది. షాపులో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "బోరు ఎన్ని అడుగులన్నా?" షెడ్డు ఎంత దూరమని అడగలేదు, నేనూ చెప్పలేదు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లాట్ కేబుల్ కోసి ఇచ్చారు. బోరు నుంచి షెడ్డు వరకు కూడా అదే సైజు వేశాం.

మొదటి రోజు నీళ్లు బాగానే పడ్డాయి. రెండో రోజు నుంచి నలభై నిమిషాలకోసారి, ఆంపియర్లు ఎక్కువైతే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే స్టార్టర్‌లో ట్రిప్ అవడం మొదలైంది. మధ్యాహ్నం ఎండలో రేకు డబ్బా వేడెక్కితే ఇంకా త్వరగా పడిపోయేది. మాకు వచ్చేదే పగలు తొమ్మిది గంటల కరెంటు. అందులో సగం రోజు తోటకూ షెడ్డుకూ మధ్య తిరగడంతోనే సరిపోయేది. షాపుకు ఫోన్ చేస్తే మెకానిక్‌ను పంపారు. ఆ అబ్బాయి డబ్బా తెరిచి, "రిలే వీక్‌గా ఉందన్నా, కొంచెం పెంచితే సెట్ అయిపోతుంది" అంటూ స్క్రూడ్రైవర్‌తో డయల్‌ను 16 నుంచి 20కి తిప్పాడు. ఆ రోజు నుంచి ట్రిప్ అవడం ఆగిపోయింది. నేను సంతోషించాను. పదకొండో రోజు మోటారు గుర్రుమని ఆగిపోయింది. మెగ్గర్ పెట్టి చూస్తే వైండింగ్ ఎర్త్ అయిపోయింది. వారంటీ అడిగితే, లో వోల్టేజీకి కాలితే వారంటీ రాదని చెప్పారు. ఎత్తడానికి, మళ్లీ దింపడానికి, వైండింగ్‌కు కలిపి నాకు 19 వేలు అయ్యింది. కొత్త కేబుల్ ఖర్చు దీనికి అదనం.

రెండోసారి దింపే ముందు మా ఊరి పాత వైర్‌మన్ ఒకాయన్ను పిలిచాను. మోటారు కాలిపోక ముందు ట్రిప్ అయ్యే రోజుల్లో ఆయన ఒకసారి క్లాంప్ మీటర్ పెట్టి చూసి, అంకెలు నా నోటుబుక్కులో రాసి వెళ్లాడు. స్టార్టర్ దగ్గర మోటారు నడుస్తుండగా 390 వోల్టులు. ఆంపియర్లు మూడు ఫేజుల్లోనూ దాదాపు 18.5. అప్పట్లో నేను ఆ కాగితాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడాయన దాని పక్కనే లెక్క వేసి చూపించాడు.

స్తంభం నుంచి మోటారు వరకు కేబుల్ మొత్తం 960 అడుగులు, అంటే 293 మీటర్లు. 2.5 స్క్వేర్ రాగి కేబుల్‌లో ఒక్కో కోరుకు వంద మీటర్లకు సుమారు 0.8 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. మా పొడవుకు 2.3 ఓమ్‌ల పైనే. త్రీఫేజులో కేబుల్ మింగే వోల్టేజీ కావాలంటే 1.73ను ఆంపియర్లతో, ఆ ఓమ్‌లతో, చివరికి పవర్ ఫ్యాక్టర్ 0.82తో హెచ్చవేయాలి. మాకు వచ్చింది 61 వోల్టులు. షెడ్డులో మీటరు 390 చూపిస్తోంది, కింద నీళ్లలో ఉన్న మోటారుకు మాత్రం 329 అందుతోంది! ఇలాంటి మోటార్లు మామూలుగా 415కు 15 శాతం తక్కువ వరకు, అంటే 353 వోల్టుల వరకు తట్టుకునేలా చేస్తారు. మాది అంతకన్నా కిందే నడిచింది.

నీళ్లు పైకెత్తే పని తగ్గదు కదా. వోల్టేజీ తగ్గితే ఆ పని చేయడానికి మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. ఆంపియర్లు పెరిగిన కొద్దీ కేబుల్ ఇంకో నాలుగు వోల్టులు మింగుతుంది. రిలే చూసింది ఆ ఎక్కువ ఆంపియర్లనే, ఆపాల్సినప్పుడే ఆపింది. 20కి తిప్పిన తర్వాత 18.5 దానికి ఎక్కువగా కనబడలేదు. వైండింగ్ మాత్రం రోజంతా వేడెక్కుతూనే ఉంది.

మోసం జరిగిందేమోనని కేబుల్ కొస ఒలిచి పోగులు లెక్కపెట్టాను. అసలైన 2.5 స్క్వేర్ ఫ్లెక్సిబుల్ కేబుల్‌లో పావు మిల్లీమీటరు మందం పోగులు 50 ఉండాలి. మా దాంట్లో సరిగ్గా 50 ఉన్నాయి. కేబుల్ మంచిదే, మా పొడవుకు సరిపోనిది. మీరు కొనేటప్పుడు మాత్రం ఒక కొస ఒలిపించి లెక్కపెట్టండి, ఐదు నిమిషాల పని. 4 స్క్వేర్‌కైతే 0.3 మిల్లీమీటర్ల పోగులు 56, 6 స్క్వేర్‌కు 84 ఉంటాయి.

చాలా కంపెనీల కేబుల్ చార్టులు 3 శాతం వోల్టేజీ నష్టం మించకూడదన్న లెక్కతో ఉంటాయి. 415కు అది 12 వోల్టుల పైచిలుకు. మా మొత్తం పొడవుకు ఆ లెక్క పాటించాలంటే 10 స్క్వేర్ రాగి కావాలి, ఆ ధర నాకు అందలేదు. అందుకని వైర్‌మన్ వేరే దారి చెప్పాడు. స్టార్టర్‌ను షెడ్డు నుంచి తీసి బోరు దగ్గరే నీడలో పెట్టాం. స్తంభం నుంచి అక్కడి వరకు 16 స్క్వేర్ అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ భూమిలో వేశాం. బోరులోకి మాత్రం 6 స్క్వేర్ రాగి దింపాం. రెండింటినీ స్టార్టర్ డబ్బాలోనే లగ్గులు వేసి కలిపాం, మధ్యలో ఎక్కడా జాయింటు లేదు. ఇప్పుడు మొత్తం నష్టం 18 వోల్టులు. చార్టు ప్రకారం చూస్తే కొంచెం ఎక్కువే. కానీ మోటారుకు 372 అందుతోంది, ఆంపియర్లు 16 దగ్గర నిలబడ్డాయి. రిలే మళ్లీ 16 మీదే ఉంది. మార్చి నుంచి ఒక్కసారి కూడా పడలేదు.

మీ దగ్గర ట్రిప్ అవుతుంటే అన్నింటికీ కేబులే కారణమని నేను అనడం లేదు. మోటారు నడుస్తుండగా మూడు ఫేజుల ఆంపియర్లు, స్టార్టర్ దగ్గర వోల్టేజీ కొలిపించండి. మూడు ఫేజులూ సమానంగా ఎక్కువ లాగుతూ, పైన వోల్టేజీ ఫర్వాలేదు అనిపిస్తే కేబుల్ లెక్క వేయాలి. పైనే 350 లాంటి అంకె కనబడితే సమస్య లైనులోనో ట్రాన్స్‌ఫార్మర్ లోడులోనో ఉంది, మీరు ఎంత లావు కేబుల్ వేసినా పూర్తిగా తీరదు. ఒక ఫేజు మాత్రమే ఎక్కువ, మిగతావి తక్కువ ఉంటే కాలిన కాంటాక్టో, లూజు జాయింటో, ఒక ఫేజులో వోల్టేజీ తగ్గడమో చూడాలి. వోల్టేజీ, కేబుల్ రెండూ సరిగ్గా ఉండి కూడా ఎక్కువ లాగితే పంపులో ఇసుక పట్టిందేమో అనుమానించాలి. ఈ కొలతలు కరెంటు ఉండగానే తీయాలి కాబట్టి తెలిసిన వైర్‌మన్‌తోనే తీయించండి, మీరు డబ్బాలో చెయ్యి పెట్టొద్దు.

ఇక రెండో దెబ్బ. నేను కొన్న స్టార్టర్ ప్యానెల్ మీద "డ్రై రన్ ప్రొటెక్షన్" అని పెద్ద స్టిక్కర్ ఉంది. నీళ్లు లేకుండా తిరిగితే మోటారును ఆపే ఆ ఏర్పాటు కోసం ఎక్కువ డబ్బు కూడా ఇచ్చాను. ఏప్రిల్ చివర్లో బోరులో నీళ్లు తగ్గాయి. ఒక రోజు డెలివరీ పైపు దగ్గర నిలబడి ఉన్నాను. నీళ్లు ఆగి ఆగి వస్తున్నాయి, మధ్యమధ్య బుస్సుమని గాలి కొడుతోంది. ప్యానెల్ మీద ఆంపియర్లు 16 నుంచి 10.5కి పడిపోయాయి. అయినా మోటారు తిరుగుతూనే ఉంది. పరుగెత్తి ఆపేశాను. టెన్షన్‌తో చేతులు వణికాయి.

ఓవర్‌లోడ్ రిలే ఇక్కడ కాపాడదు. పంపుకు నీళ్లు అందకపోతే లోడు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి, ఆ రిలే చూసేది పెరగడాన్ని మాత్రమే. కానీ ఈ మోటారు చల్లబడేది చుట్టూ పారే నీళ్లతోనే, పంపులోని బుష్‌లు అరగకుండా ఉండేదీ నీళ్ల వల్లే. అందుకే డ్రై రన్‌కు తక్కువ ఆంపియర్లను పట్టే సెట్టింగ్ వేరుగా ఉంటుంది. మా ప్యానెల్‌లో అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే 8 ఆంపియర్ల మీద ఉంది. మా మోటారు నీళ్లు లేకుండా తిరిగినా 10.5 లాగుతుంది కాబట్టి, ఆ సెట్టింగ్ జన్మలో పని చేయదు. బిగించిన అబ్బాయి దాన్ని తాకనే లేదు.

ఇప్పుడు దాన్ని 13 మీద పెట్టాం. నీళ్లున్నప్పటి 16కూ, లేనప్పటి 10.5కూ దాదాపు నడిమధ్య. పది సెకన్లు ఆగి ఆపేలా, ఆపాక గంట వరకు మళ్లీ స్టార్ట్ కాకుండా టైమర్ పెట్టాం, ఊటలు చేరడానికి. కొన్ని ప్యానెళ్లు ఐదు నిమిషాలకే మళ్లీ వేసేస్తాయి, అలా వదిలేస్తే రోజంతా ఖాళీగా తిరిగి ఆగుతూ ఉంటుంది. నీళ్లు తగ్గాయని గేటు వాల్వ్ కొంచెం నొక్కాక మా మోటారు 14.5 లాగుతోంది. కాబట్టి వాల్వ్ మార్చిన ప్రతిసారీ ఆంపియర్లు మళ్లీ చూసుకోవాలి, లేకపోతే నీళ్లుండగానే ఆపేయవచ్చు. వోల్టేజీ బాగా పైకీ కిందికీ ఊగే చోట బోరులో ఎలక్ట్రోడ్లు వేలాడదీసి నీటి మట్టం చూసే రకం మేలని మా వైర్‌మన్ మాట. మోటారు ఎత్తినప్పుడే వాటిని కట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

డ్రై రన్ పని చేస్తోందా లేదా చూడటానికి బోరు ఎండిపోయే దాకా ఆగనక్కరలేదు. నీళ్లు బాగా పడుతుండగానే ఆ సెట్టింగ్‌ను నడుస్తున్న ఆంపియర్ల కన్నా పైకి, మాకైతే 17కి, తిప్పించండి. పది సెకన్లలో మోటారు ఆగాలి. ఆగితే మళ్లీ 13కి తెచ్చుకోవాలి. ఆగకపోతే ఆ స్టిక్కరుకు మీరు ఇచ్చిన డబ్బు వృథా. ఈ పరీక్ష బిగించే అబ్బాయి వెళ్లక ముందే, మీ కళ్ల ముందు చేయించుకోండి.

షాపుకు వెళ్లే ముందు టేపు పట్టుకుని స్తంభం నుంచి బోరు దాకా కొలవండి, మోటారు దింపే లోతు దానికి కలపండి. ఆ మొత్తం పొడవు, మోటారు ఆంపియర్లు, ఇచ్చిన కేబుల్ సైజు, ఈ మూడూ బిల్లు మీద రాయించుకోండి. నా బిల్లులో "మోటారు సెట్టు ఒకటి" అని మాత్రమే ఉంది, అందుకే రేపు అడుగుదామన్నా నా చేతిలో ఏమీ లేదు.