మే నెలలో మొహం చాటేసే మా 3 కిలోవాట్లు

సోలార్ సబ్సిడీ, నెట్ మీటర్ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. అనంతపురంలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించి ఏళ్లు గడిచాయి. నా గొడవంతా మే నెలతోనే.

మా ఊళ్లో ఎండకు కరువా? అయినా ఓ మే మధ్యాహ్నం యాప్‌లో చూస్తే, ఉదయం చక్కగా ఎక్కిన ఉత్పత్తి గీత రెండు గంటలప్పుడు దబ్బున పడి, 1.5 కిలోవాట్ల దగ్గర బల్లపరుపుగా సాగింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. బిగించినవాళ్లు దుమ్మన్నారు. తెల్లారుజామునే కడిగించాం, మార్పు లేదు. దుమ్మయితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీత మొత్తం కిందికి దిగాలి. మాది మధ్యాహ్నం పడి, ఎండ వాలగానే కోలుకుంటోంది. అనుమానమొచ్చి, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ వెనక రేకుల మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. పడమటి గోడకు బిగించారు మరి. వేడి హద్దు మీరితే అది తనను తాను కాపాడుకోవడానికి ఉత్పత్తి తగ్గించేస్తుంది. గాలాడేలా పైన రేకు నీడ వేయించాక ఆ బెడద పోయింది.

పలకల వేడికి మాత్రం మందు లేదు. వాటి మీద రాసిన 3 కిలోవాట్ల లెక్క 25 డిగ్రీల దగ్గరది. మేలో పలక 65కి చేరుతుంది. మా రకానికి డిగ్రీకి 0.35 శాతం తరుగు, అంటే 40 డిగ్రీలకు 14 శాతం. కొత్తలో అడిగినవాళ్లందరికీ రోజుకు 14 యూనిట్లని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ‘ఫిబ్రవరి, మార్చిలో’ అని కలుపుతున్నా. మేలో 12 దాటితే గొప్పే.

తమాషా ఏంటంటే, ఆషాఢం గాలికి పలకలు చల్లబడి, రెండు మబ్బుల సందులోంచి ఎండ పడితే మేలో ఎన్నడూ చూడని 3 కిలోవాట్లు కాసేపు కనబడతాయి. మబ్బు అంచు నుంచి చెదిరిన వెలుతురు కూడా తోడవుతుంది. రోజు మొత్తం చూస్తే మాత్రం ఏడెనిమిది యూనిట్లే, ముసురు పడితే నాలుగు.

అదే నెలల్లో రామగిరి గుట్టల మీది పెద్ద గాలిమరలకు పండగ. గాలి వేగం రెండింతలైతే అందులోని శక్తి ఎనిమిదింతలు. ఆ లెక్క విని మా వీధిలో ఒకాయన డాబా మీద చిన్న గాలిమర పెట్టారు. చుట్టూ ఇళ్లు, పక్కనే వాటర్ ట్యాంకు. గాలి సుడులు తిరుగుతుంది, గాలిమర దిక్కులు చూస్తుంది. వేగం సగానికి పడితే శక్తి ఎనిమిదో వంతే కదా.

మాకు చుట్టూ నీడ లేదు, మోటారు పగలే వేస్తాం, కాబట్టి సోలార్ గిట్టుబాటైంది. పడమట కొబ్బరిచెట్టున్న ఇంటికి ఇదే మాట చెప్పలేను.