నలుగురిలో బాస్ అరిస్తే: అక్కడే జవాబా, తర్వాత గదిలోనా?

సోమవారం రివ్యూలో మేనేజర్ అందరి ముందూ మీ మీద విరుచుకుపడ్డారనుకోండి, రిపోర్టులో పాత నెల అంకెలు ఉన్నాయని. ఆ ఫైలు పంపింది నిజానికి వేరే టీమ్.

జవాబు ఎప్పుడు చెప్పినా ముందు ఊపిరి చూసుకోండి. గుండె దడదడలాడుతుంటే మాట పదునుగా వస్తుంది, లేదా అసలు రాదు. పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి. రెండు మూడు సార్లు చేస్తే కాస్త అదుపు వస్తుంది, పక్కవాళ్లకు తెలియదు కూడా.

అక్కడే చెబితే
శ్రమ: గొంతు పెంచకుండా ఒక్క వాక్యంలో ముగించాలి. "సార్, సరైన అంకెలు పన్నెండింటికల్లా పంపిస్తాను."
రిస్క్: తప్పు ఎవరిదో తేల్చబోతే సంజాయిషీలా వినిపిస్తుంది, అరుపు ఇంకాస్త సాగుతుంది.

తర్వాత గదిలో చెబితే
శ్రమ: అప్పటిదాకా లోపల కుతకుత. ఆ కోపంలో వాట్సాప్ గ్రూపులో ఏమీ రాయకండి, స్క్రీన్‌షాట్‌కి కాళ్లుంటాయి. అన్న మాటలు, తేదీ మీ డైరీలో రాసుకోండి.
చెప్పే తీరు: "సార్, పాత ఫైలు వచ్చిన మెయిల్ ఇది. నా తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. అందరి ముందూ అరవకండి, విడిగా చెప్పండి."
రిస్క్: వారం దాటితే ఆయనకు గుర్తుండదు, మీరే పాతది తవ్వినట్టవుతుంది. మర్నాటికల్లా వెళ్లండి.

ఆ అంకెలతోనే అప్పటికప్పుడు నిర్ణయం తీసుకుంటున్నా, మీ నిజాయితీనే శంకించినా అక్కడే చెప్పండి. ఉత్త చీవాట్లయితే గదే మేలు. కులం, ఆడతనం ఎత్తి తిడితే మాత్రం ఈ రెండూ కాదు, హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల్సిందే.