పసుపు పరీక్షలో సి18 కాలమ్: దీర్ఘకాల వాడకం తర్వాత మూడు అంకెలు చెప్పినది

రాయగడలో మా పరీక్షశాలకు వచ్చే సరుకులో పసుపుదే పెద్ద వాటా. కొంధమాల్ కొండల నుంచి, గుణుపురం, మునిగుడ సంతల నుంచి వ్యాపారులు నమూనాలు తెస్తారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. సరుకు విజయనగరం వైపు వెళ్లేలోగా కర్క్యుమిన్ శాతం ఎంతో వాళ్లకు తెలియాలి. ఈ పనికి హెచ్‌పిఎల్‌సి యంత్రంలో, అంటే ద్రావణాన్ని సన్నని రేణువులు నింపిన గొట్టం గుండా పంపి అందులోని పదార్థాలను విడదీసే యంత్రంలో, మేము వాడుతున్నది 250 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 5 మైక్రాన్ల రేణువులున్న సి18 కాలమ్. తయారీ సంస్థ పేరు రాయడం లేదు. ఇవే కొలతలున్న ఏ కాలమ్‌కైనా ఇక్కడి లెక్క వర్తిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పసుపుకు ఇది మంచి కాలమ్, చాలాకాలం నిలిచింది. అయితే అది ఎంత నిలిచిందో, రెండు పదార్థాలు ఎంత విడిగా బయటకు వస్తున్నాయో చెప్పే రిజల్యూషన్ ఒక్కటే చూసి చెప్పలేం. పదార్థాన్ని కాలమ్ ఎంత పట్టి ఉంచుతుందో చెప్పే రిటెన్షన్ ఫ్యాక్టర్, పీక్‌లు ఎంత సన్నగా వస్తున్నాయో చెప్పే ప్లేట్ల సంఖ్య, రిజల్యూషన్ మూడూ పక్కపక్కన రాసుకున్నప్పుడే కాలమ్‌లో ఏది చెడిందో, ఏది బాగుందో తెలిసింది.

పసుపులో మూడు రంగు పదార్థాలుంటాయి. సి18 మీద బిస్‌డెమెథాక్సీకర్క్యుమిన్ ముందు, డెమెథాక్సీకర్క్యుమిన్ తర్వాత, కర్క్యుమిన్ చివర బయటకు వస్తాయి. చివరి రెండూ ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి కాబట్టి ఆ జంటనే కొలమానంగా పెట్టుకున్నాం. కాలమ్ గుండా పారే ద్రవం, అంటే మొబైల్ ఫేజ్, అసిటోనైట్రైల్, కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీరు. వాటి నిష్పత్తి పరుగంతా ఒకటే. నిష్పత్తి మారుతూ పోయే గ్రేడియెంట్ పరుగుకు కింద ఇచ్చిన ప్లేట్ల సూత్రం వర్తించదు. అక్కడ వచ్చే పెద్ద అంకె చూసి మురిసిపోకూడదు.

అన్నిటికంటే ముందు కాలమ్ ఏమాత్రం పట్టుకోని పదార్థం బయటికి రావడానికి పట్టే సమయం, అంటే t0, కావాలి. మేము యురాసిల్ వాడతాం. ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. పసుపును 425 నానోమీటర్ల దగ్గర చూస్తాం. ఆ తరంగదైర్ఘ్యంలో యురాసిల్ అసలు కనిపించదు. అందుకని ఆ ఒక్క ఇంజెక్షన్‌కు డిటెక్టర్‌ను 254కు మార్చాలి. నిమిషానికి ఒక మిల్లీలీటరు ప్రవాహంలో మాకు 2.50 నిమిషాలు వచ్చింది. ఇది సరైనదో కాదో కొలతలే చెబుతాయి. ఈ గొట్టం ఖాళీగా ఉంటే పట్టేది దాదాపు 4.15 మిల్లీలీటర్లు. రేణువులు పోను ద్రవానికి మిగిలే చోటు అందులో సుమారు 60 శాతం, అంటే 2.5 మిల్లీలీటర్లు. ఇంజెక్షన్ తర్వాత బేస్‌లైన్‌లో కనిపించే ఏదో ఒక కుదుపును t0 అనుకుని 2.9 అని రాసుకుంటే రిటెన్షన్ ఫ్యాక్టర్ తప్పుతుంది. ప్లేట్ల సంఖ్య, రిజల్యూషన్ మాత్రం చెక్కుచెదరవు, ఎందుకంటే వాటి సూత్రాల్లో t0 లేదు.

```
k  = (tR - t0) / t0
N  = 16 (tR / w)^2
Rs = 2 (tR2 - tR1) / (w1 + w2)
```

ఇక్కడ k రిటెన్షన్ ఫ్యాక్టర్, N ప్లేట్ల సంఖ్య, Rs రిజల్యూషన్. tR అంటే పీక్ బయటకు వచ్చే సమయం, w అంటే పీక్ రెండు వైపులా గీసిన స్పర్శరేఖలు బేస్‌లైన్‌ను తాకే చోట్ల మధ్య వెడల్పు. సమయం, వెడల్పు రెండూ నిమిషాల్లోనే ఉండాలి. ఒకటి నిమిషాల్లో, మరొకటి సెకన్లలో ఉంటే ప్లేట్లు వేల రెట్లు తేడాగా వస్తాయి.

కాలమ్ కొత్తగా ఉన్నప్పుడు డెమెథాక్సీ పీక్ 11.40 నిమిషాలకు, కర్క్యుమిన్ 12.60కి వచ్చాయి. అడుగు వెడల్పులు 0.36, 0.40. రిటెన్షన్ ఫ్యాక్టర్ మొదటిదానికి 8.90ని 2.50తో భాగిస్తే 3.56, రెండోదానికి 10.10ని 2.50తో భాగిస్తే 4.04. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.135 వస్తుంది, ఇది సెలెక్టివిటీ. కర్క్యుమిన్ ప్లేట్లు: 12.60ని 0.40తో భాగిస్తే 31.5, దాని వర్గం 992, 16తో గుణిస్తే దాదాపు 15,900. రిజల్యూషన్: తేడా 1.20కి రెట్టింపు 2.40, వెడల్పుల మొత్తం 0.76, ఫలితం 3.16. రెండు పీక్‌ల మధ్య బేస్‌లైన్ బాగా విశాలంగా కనిపించేది.

ఏళ్లు గడిచాక అదే ప్రామాణిక ద్రావణం, అదే మొబైల్ ఫేజ్. పీక్‌లు 11.10, 12.25 దగ్గర వచ్చాయి, వెడల్పులు 0.62, 0.68. t0 మారలేదు. రిటెన్షన్ ఫ్యాక్టర్లు 3.44, 3.90. సెలెక్టివిటీ 1.134, అంటే కొత్తప్పటి అంకెకు ఇంచుమించు సమానం. ప్లేట్లు మాత్రం దాదాపు 5,200కు పడిపోయాయి, మూడో వంతే మిగిలాయి. రిజల్యూషన్ 1.77.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. ప్లేట్లు మూడో వంతుకు తగ్గితే రిజల్యూషన్ అంత పడలేదు, ఎందుకంటే అది ప్లేట్ల వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 3 వర్గమూలం 1.73. 3.16ను దానితో భాగిస్తే 1.8 వస్తుంది, మాకు వచ్చింది 1.77. కాబట్టి రిజల్యూషన్ తగ్గడానికి కారణమంతా పీక్‌లు వెడల్పు కావడమే. సి18 పూత ఊడిపోతే రిటెన్షన్ ఫ్యాక్టర్ బాగా తగ్గాలి, అది జరగలేదు. రసాయనం దాదాపు పాతదే, చెడింది కాలమ్‌లోని రేణువుల పరుపు. పసుపు సారంలోని జిడ్డు, నూనెలు కాలమ్ ముఖద్వారం దగ్గర పేరుకుంటాయి. అక్కడి వడపోత పలక మూసుకుపోవడం మొదలైతే పంపు ఒత్తిడి కూడా పెరుగుతుంది. మా విషయంలో పెరిగింది కూడా.

ఈ సమయంలోనే మా దగ్గర పనిచేసే అబ్బాయి నివేదిక తెచ్చి, "మేడం, కంప్యూటర్ 1.97 చూపిస్తోంది, మీరు 1.77 రాశారు" అన్నాడు. రెండూ లెక్కప్రకారం సరైనవే. సాఫ్ట్‌వేర్ పీక్ సగం ఎత్తులో వెడల్పు కొలిచింది. అప్పుడు సూత్రాల్లో 16 బదులు 5.54, 2 బదులు 1.18 వాడతారు. వెడల్పులు 0.33, 0.36 కాబట్టి 1.15ను 1.18తో గుణించి 0.69తో భాగిస్తే 1.97 వస్తుంది. ప్లేట్లు కూడా 5,200 బదులు 6,400 వస్తాయి. పీక్ చక్కటి గంట ఆకారంలో ఉంటే రెండు పద్ధతులూ ఒకటే అంకె ఇవ్వాలి. తోక సాగిన పీక్‌లో సగం ఎత్తు దగ్గరి కొలత తోకను దాదాపు చూడదు కాబట్టి అంకె మెరుగ్గా కనిపిస్తుంది. స్పర్శరేఖలు కూడా తోకను పూర్తిగా పట్టుకోవు, కాస్త ఎక్కువగా పట్టుకుంటాయి అంతే. అందుకే రెండు పద్ధతుల మధ్య దూరం పెరగడాన్ని నేను పీక్ ఆకారం చెడుతోందన్న సూచనగా తీసుకుంటాను. పాత నివేదికలతో పోల్చేటప్పుడు ఏ పద్ధతిలో కొలిచారో ముందు చూడాలి. అది రాయని నివేదికలోని ప్లేట్ల అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

మాకు ఇంకో చిక్కు ఎండాకాలంలో వచ్చేది. కాలమ్‌ను వెచ్చగా, స్థిరంగా ఉంచే ఓవెన్ అప్పట్లో లేదు. మే నెలలో కరెంటు పోయి గది వేడెక్కితే కర్క్యుమిన్ 11.25 నిమిషాలకే వచ్చేసేది, అంటే రిటెన్షన్ ఫ్యాక్టర్ 3.50. సాధారణంగా ఒక్కో డిగ్రీకి ఇది 1 నుంచి 2 శాతం తగ్గుతుంది కాబట్టి పది డిగ్రీల తేడాకు ఈ మార్పు సహజమే. t0 మాత్రం 2.50 దగ్గరే ఉండేది. అదే పంపులో ప్రవాహం తగ్గితే కథ వేరు. అప్పుడు t0 2.60, కర్క్యుమిన్ 13.10 అవుతాయి, రిటెన్షన్ ఫ్యాక్టర్ మాత్రం 4.04 దగ్గరే నిలుస్తుంది. పీక్ జరిగిందన్న మాట విన్నప్పుడు నేను మొదట యురాసిల్ ఇంజెక్ట్ చేయించేది ఇందుకే. t0 కూడా జరిగితే పంపునో లీకునో చూడాలి. జరగకపోతే ఉష్ణోగ్రతనో, మొబైల్ ఫేజ్ కలిపిన తీరునో చూడాలి.

పాడైన పరుపుకు ఏం చేశామంటే, ముందుగా, అసలు కాలమ్‌కు ముందుండి మురికిని ఆపే చిన్న గార్డ్ కాలమ్‌ను మార్చాం. తర్వాత కాలమ్‌ను డిటెక్టర్ నుంచి విడదీసి, తయారీదారు సూచన అనుమతించింది కాబట్టి తిరగేసి, ఐసోప్రొపనాల్‌ను తక్కువ ప్రవాహంతో పంపాం. ఐసోప్రొపనాల్ చిక్కగా ఉంటుంది, వేగంగా పంపితే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కర్క్యుమిన్ వెడల్పు 0.68 నుంచి 0.50కి వచ్చింది, సమయం 12.30. ప్లేట్లు దాదాపు 9,700. కొత్తప్పటి స్థాయికి రాలేదు, పనికి సరిపోయింది.

ఎంతవరకు సరిపోతుందన్నది కూడా లెక్క వేసుకున్నాను. ఈ జంటకు రిజల్యూషన్ 1.5 కావాలంటే ఎన్ని ప్లేట్లు కావాలో ఈ సూత్రం చెబుతుంది:

```
N = 16 Rs^2 (a/(a-1))^2 ((1+k2)/k2)^2
```

ఇందులో a సెలెక్టివిటీ, k2 రెండో పీక్ రిటెన్షన్ ఫ్యాక్టర్. 1.135, 4.04 వేస్తే దాదాపు 4,000 వస్తుంది. అందుకే ప్లేట్లు 5,200 ఉన్నప్పుడు కూడా కాలమ్‌ను పారేయలేదు. 4,000 దగ్గరికి వస్తే మారుస్తాను. రిజల్యూషన్ 1.5 అన్న హద్దు రెండు పీక్‌లు ఒకే పరిమాణంలో, సక్రమమైన ఆకారంలో ఉన్నప్పటిది. పసుపులో చిన్నదైన డెమెథాక్సీ ముందు వస్తుంది, పెద్దదైన కర్క్యుమిన్ తర్వాత. పెద్ద పీక్ తోక చిన్నదాని మీద పడదు కాబట్టి ఈ వరుస మనకు అనుకూలం. వరుస తిరగబడి ఉంటే నేను 2 కంటే తక్కువకు ఒప్పుకోను.

ఇదే కాలమ్‌ను ఇంకా దగ్గరగా ఉండే పదార్థాలకు కొనాలనుకునేవారు ఒక లెక్క చూడండి. రిటెన్షన్ ఫ్యాక్టర్ అంతే ఉంచి సెలెక్టివిటీని 1.05గా వేస్తే కావలసిన ప్లేట్లు దాదాపు 24,700. పెట్టె విప్పిన రోజున కూడా నా కాలమ్‌లో అన్ని లేవు. అలాంటి జంటకు మొబైల్ ఫేజ్ మార్చి సెలెక్టివిటీని పెంచే ప్రయత్నం ముందు చేయండి. అది కుదరకపోతే చిన్న రేణువుల కాలమ్ చూడండి, దాని ఒత్తిడిని మీ పంపు తట్టుకుంటేనే.