అద్దె దుకాణం: యజమానికి జీఎస్టీ నంబరు ఉంటే మేలా, లేకుంటే మేలా?

గుంటూరులో ఎలక్ట్రికల్ సామాను అమ్మే ఒక వ్యాపారి రెండు అద్దె ఒప్పందాల ముసాయిదాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. రెండు దుకాణాలూ ఒకే వీధిలో ఉన్నాయి. అద్దె రెండింటికీ నెలకు 40,000 రూపాయలే. మొదటిది ఒక రిటైర్డ్ మాస్టారిది. ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, ఆయన ఆదాయానికి అవసరమూ లేదు. రెండో యజమానికి రిజిస్ట్రేషన్ ఉంది. ఆయన అద్దె మీద 18 శాతం పన్ను కలిపి 47,200కు బిల్లు ఇస్తారు.

"బిల్లు ఇచ్చే ఆయన దుకాణమే మంచిదంటున్నారండీ అందరూ. మాస్టారి దుకాణం తీసుకుంటే ఆయన కట్టాల్సిన పన్ను నేను కట్టాలట. అదేం న్యాయం?" అన్నారాయన.

మాస్టారి దుకాణమే తీసుకోమని చెప్పాను. ఆ సలహా ఎందుకిచ్చానో లెక్కతో సహా చెబుతాను. ఇదే సందేహంతో మంచి దుకాణాలు వదులుకున్నవారిని చాలామందిని చూశాను.

ముందుగా చట్టం సంగతి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు, రిజిస్ట్రేషన్ లేనివారి దగ్గర రోజుకు 5,000 రూపాయలకు మించి ఏది కొన్నా కొనుగోలుదారే పన్ను కట్టాలన్నారు. ఆ నిబంధనను అదే ఏడాది అక్టోబరు 13న నిలిపివేశారు. ఇలా అమ్మేవారికి బదులు కొనుగోలుదారే పన్ను కట్టడాన్ని రివర్స్ ఛార్జ్ అంటారు. ఇప్పుడు అది అన్ని కొనుగోళ్లకూ లేదు, ప్రభుత్వం పేరు పెట్టి ప్రకటించిన వాటికే ఉంది. రిజిస్ట్రేషన్ లేని యజమాని తన వాణిజ్య స్థలాన్ని రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి అద్దెకిస్తే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ అద్దె ఈ జాబితాలో చేరింది. అంతకుముందు ఇలాంటి యజమానికిచ్చే అద్దెపై పన్ను లేదు. అందుకే అద్దెదారులకు ఇది కొత్త భారంలా తోస్తుంది. కానీ మన వ్యాపారి పోల్చుకోవలసింది పాత రోజులతో కాదు, పక్క దుకాణంతో.

ఏప్రిల్ నెల తీసుకుందాం. ఆ నెల అమ్మకాల మీద ఆయన కట్టాల్సిన పన్ను 30,000 అనుకుందాం. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును అందులోంచి తగ్గించుకోవచ్చు, దాన్నే క్రెడిట్ అంటారు. ఆ నెల ఆ క్రెడిట్ 22,000.

రిజిస్ట్రేషన్ ఉన్న యజమాని అయితే, మే 5న ఆయనకు 47,200 ఇస్తారు. అందులోని 7,200 క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి 30,000లోంచి 22,000, 7,200 తీసివేస్తే ప్రభుత్వానికి నగదుగా కట్టేది 800. చేతిలోంచి పోయింది మొత్తం 48,000.

మాస్టారి దుకాణమైతే, మే 5న ఆయనకు 40,000 ఇస్తారు. అద్దె మీద 18 శాతం, అంటే కేంద్ర పన్ను 3,600, రాష్ట్ర పన్ను 3,600, మొత్తం 7,200 మే 20లోపు తానే ప్రభుత్వానికి కడతారు. ఇది నగదుగానే కట్టాలి. కొనుగోళ్ల క్రెడిట్‌ను ఈ పన్నుకు వాడుకోనివ్వరు. కానీ కట్టిన ఆ 7,200ను అదే రిటర్నులో క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అప్పుడు అమ్మకాల పన్నుకు మిగిలేది మళ్లీ 800. మొత్తం 48,000.

రెండు దారుల్లోనూ ఒక్క రూపాయి తేడా లేదు. రివర్స్ ఛార్జ్ వల్ల నగదు ఇరుక్కుపోతుందని ఫిర్యాదు చేసేవారు, రెండో యజమానికి కూడా ఆ 7,200 నగదుగానే ఇస్తున్నామన్న సంగతి మరిచిపోతారు. పండుగకు ముందు సరుకు భారీగా దించి క్రెడిట్ పేరుకుపోయిన నెలలోనూ అంతే. ఎవరికి కడుతున్నామన్నది తప్ప, కట్టేది ఒకటే. పైగా మాస్టారి దుకాణంలో ఆ 7,200 పదిహేను రోజులు ఆలస్యంగా చేతులు దాటుతుంది.

అసలు తేడా క్రెడిట్ ఎవరి చేతిలో ఉందన్నది. రెండో యజమాని ఇచ్చిన బిల్లు మీద క్రెడిట్ రావాలంటే, ఆయన దాన్ని తన రిటర్నులో చూపించాలి, అది మనకు దక్కే క్రెడిట్‌ను నెలనెలా జీఎస్టీ పోర్టల్ చూపించే GSTR-2B పట్టికలో కనిపించాలి. చిన్న యజమానులు చాలామంది మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉంటారు. నెలనెలా బిల్లులు ఎక్కించే వీలు వారికి ఉన్నా అది ఐచ్ఛికమే. ఎక్కించకపోతే ఏప్రిల్ బిల్లు జూలై 13 నాటికి గానీ పైకి రాదు. మే 20న వాడుకోవలసిన క్రెడిట్ జూలై 20 దాకా ఆగుతుంది. ఈలోగా మే నెల అద్దె మీదిది కూడా చేరి 14,400 ఊరికే నిలిచిపోతుంది. ఆ యజమాని పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కట్టకపోతే ఇంకా కష్టం. నోటీసు వచ్చేది అద్దెదారుకు కూడా. వేరొకరి నిర్లక్ష్యానికి బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని తిరగడం ఎంత వేదనో నా దగ్గరికి వచ్చినవారి ముఖాల్లో చూశాను.

మాస్టారి దుకాణంలో ఈ బెడద లేదు. పన్ను కట్టేదీ మనమే, క్రెడిట్ తీసుకునేదీ మనమే. మధ్యలో మూడో మనిషి లేడు.

అయితే దానికి బదులుగా ఒక క్రమశిక్షణ కావాలి. మాస్టారు పన్ను బిల్లు ఇవ్వలేరు కాబట్టి ఆ బిల్లును అద్దెదారే తన పేర తయారుచేసుకోవాలి. దాన్నే సెల్ఫ్ ఇన్వాయిస్ అంటారు. మామూలు అమ్మకపు బిల్లుల వరుసలో కలపకుండా దీనికి వేరే వరుస పెట్టుకోవడం మంచిది. అందులో మాస్టారి పేరు, చిరునామా, మన జీఎస్టీ నంబరు, తేదీ, వాణిజ్య స్థలం అద్దెకు ఉన్న సేవా సంకేతం 997212, అద్దె, పన్ను రేటు, రెండు పన్నుల మొత్తాలు ఉండాలి. పన్ను రివర్స్ ఛార్జ్ కింద చెల్లిస్తున్నామని స్పష్టంగా రాసి సంతకం చేయాలి. అద్దె డబ్బు ఇచ్చిన రోజున పేమెంట్ వోచర్ కూడా రాయాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. తనిఖీలో మొదట అడిగేవాటిలో ఇదొకటి.

సేవ అందిన 30 రోజుల్లోగా సెల్ఫ్ ఇన్వాయిస్ రాయాలని 2024 నవంబరు 1 నుంచి నిబంధన ఉంది. డబ్బు ఇచ్చిన తేదీ, సెల్ఫ్ ఇన్వాయిస్ తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ నెలలో పన్ను బాధ్యత పుడుతుంది. అందుకే నెలాఖరు తేదీతో ఇన్వాయిస్ రాసే అలవాటు చేసుకోమంటాను. ఏ నెల అద్దె ఆ నెల రిటర్నులోకి వెళుతుంది, వెతుక్కునే పని ఉండదు. మూడు నెలల అద్దె ముందే ఇస్తే మాత్రం మూడు నెలల పన్నూ ఆ నెలలోనే పడుతుంది. తిరిగి ఇచ్చే షరతు మీద కట్టిన డిపాజిట్ అద్దె కాదు. దాన్ని అద్దె కింద సర్దుకున్న రోజున మాత్రం పన్ను వస్తుంది.

రిటర్నులో రాసేది రెండు గడుల్లో. నెలనెలా పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను GSTR-3B. అందులోని 3.1(d)లో అద్దె 40,000, దాని మీద పన్ను. 4(A)(3)లో అదే 7,200 క్రెడిట్. ఈ రెండో గడిని ఎవరూ నింపిపెట్టరు. రిజిస్ట్రేషన్ లేని యజమాని వల్ల GSTR-2Bలో ఏమీ రాదు కాబట్టి మనమే గుర్తుపెట్టుకుని రాయాలి. పన్ను కట్టి క్రెడిట్ తీసుకోవడం మరిచిపోయి, అద్దె మీద 18 శాతం నష్టపోయినవారు ఉన్నారు. అంతకంటే ఎక్కువమంది 7,200ను 3.1(a)లో అమ్మకాల పన్నుతో కలిపేస్తారు. అలా కలిపితే అది క్రెడిట్‌తో సర్దుబాటైపోతుంది, నగదుగా కట్టవలసిన బాధ్యత తీరదు. గుర్తుపట్టడం సులభం: సంవత్సరం మొత్తానికి 3.1(d)లోని పన్నును, లెక్కల పుస్తకంలోని అద్దె ఖర్చులో 18 శాతంతో పోల్చి చూడాలి. మన వ్యాపారికి అది 86,400 రావాలి. రాకపోతే ఎక్కడో నెల జారిపోయిందన్నమాట.

జారిపోతే ఎంత నష్టం? ఒక నెల పన్ను 180 రోజులు ఆలస్యమైతే, ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ దాదాపు 639 రూపాయలు. ఆలస్యంగా సెల్ఫ్ ఇన్వాయిస్ రాసినా క్రెడిట్ గడువును ఆ ఇన్వాయిస్ రాసిన ఆర్థిక సంవత్సరాన్ని బట్టి లెక్కిస్తారని 2024 జూన్ 26 సర్క్యులర్ చెప్పింది. పన్ను తిరిగి వస్తుంది, వడ్డీ రాదు. జరిమానా అవకాశమూ ఉంటుంది. పుస్తకాలు చూసేవారు ఎవరూ లేని దుకాణమైతే, నెలకో ఇన్వాయిస్ కూడా రాయలేమనుకుంటే, రెండో యజమాని దారే మేలని ఒప్పుకుంటాను. ఆ రెండో యజమాని ప్రతి నెలా రిటర్ను వేసేవారై ఉండాలి మరి.

ఇదంతా పూర్తి క్రెడిట్ దక్కే వ్యాపారి లెక్క. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టి సరిపెట్టుకునే కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారికి క్రెడిట్ ఉండదు కాబట్టి లెక్క మారుతుంది. మొదట్లో వారి మీద కూడా ఈ అద్దె పన్ను పడింది, 2025 జనవరి 16 నుంచి తీసేశారు. కాబట్టి వారు మాస్టారి దుకాణం తీసుకుంటే పన్ను లేదు, రెండో దుకాణం తీసుకుంటే ఏడాదికి 86,400 తిరిగి రాని ఖర్చు. అక్కడ ఆలోచించవలసిందే లేదు. క్లినిక్‌తో పాటు మందుల దుకాణం నడిపేవారిది మరో పరిస్థితి. వైద్య సేవకు పన్ను మినహాయింపు ఉంది కాబట్టి ఆ మేరకు అద్దె మీది క్రెడిట్‌ను వదులుకోవాలి. ఏ యజమాని అయినా ఆ నష్టం తప్పదు.

మన వ్యాపారి ఇదంతా విని చివరికి ఒకటే అడిగారు. "మరి మాస్టారికి ఇచ్చే 40,000లోంచి ఆ 7,200 పట్టుకోవచ్చా?"

కుదరదు. పన్ను కట్టే బాధ్యత చట్టం అద్దెదారు మీద పెట్టింది, అది కూడా 40,000 మీద అదనంగా. క్రెడిట్‌గా తిరిగి తీసుకున్న డబ్బును మాస్టారి అద్దెలోంచి కోయడం ఆయనకు అన్యాయం కూడా. అందుకే ఆ ముసాయిదాలో రెండు వాక్యాలు చేర్పించాను. ఒకటి: అద్దె 40,000, దీనిపై వచ్చే జీఎస్టీని అద్దెదారు రివర్స్ ఛార్జ్ కింద నేరుగా ప్రభుత్వానికి చెల్లిస్తారు, అద్దెలోంచి మినహాయించరు. రెండు: యజమాని ఇకముందు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఆ తేదీని అద్దెదారుకు వెంటనే రాతపూర్వకంగా తెలియజేస్తారు. ఆ రోజు నుంచి రివర్స్ ఛార్జ్ ఆగి యజమాని బిల్లు మొదలవాలి. తెలియక అద్దెదారు కూడా కట్టేస్తే ఒకే అద్దె మీద ఇద్దరూ పన్ను కట్టినట్టవుతుంది.

మాస్టారు రెండు వాక్యాలూ చదివి, కళ్లద్దాలు సర్దుకుని సంతకం చేశారు.